గడువు దగ్గరపడ్డ సరుకును ఖాతాదారులకు తగ్గింపు ధరకు అమ్మడం: బ్యాచ్ తేదీల నుంచి బిల్లు దాకా

దసరా బేరాలు ముగిశాక 2025 అక్టోబరు 6, సోమవారం నాడు తణుకులోని మా కిరాణా దుకాణం వెనక గదిలో సరుకు లెక్క చూసుకుంటే కిలో ఓట్స్ ప్యాకెట్లు 92 మిగిలి ఉన్నాయి. వేసవిలో స్కీము వచ్చిందని అవసరానికి మించి దించుకున్న సరుకు అది. ఒక్కో ప్యాకెట్ పన్నుతో కలిపి మాకు 168 రూపాయలకు పడింది. ఎం.ఆర్.పి. 199 రూపాయలు, మేము మామూలుగా అమ్మే ధర 189. నెలకు ఇరవై ప్యాకెట్ల కంటే ఎక్కువ కదలని సరుకు గడువులోపు దానంతటదే అమ్ముడుపోదని లెక్క చూసిన వెంటనే అర్థమైంది. అటువంటి సరుకును మనల్ని నమ్మి ఏళ్ల తరబడి వస్తున్న ఖాతాదారులకు, తేదీలు చెప్పి, ధర తగ్గించి, వాపసు లేదని ముందే తెలియజేసి ఎలా అమ్మాలో ఆ 92 ప్యాకెట్ల ఉదాహరణతోనే వివరిస్తాను.

ఈ పని మొత్తానికీ ఆధారమైన ఒక విషయాన్ని మొదటే చెప్పాలి. సరుకు వాపసు తీసుకోబోమని అనే హక్కు దుకాణదారుకు ఊరికే రాదు. కొనే ముందు తెలుసుకోవలసినదంతా కొనేవారికి చెప్పినప్పుడే ఆ మాటకు విలువ ఉంటుంది. మూడేళ్ల క్రితం మేము సేమియా ప్యాకెట్లను ఇలాగే తగ్గించి అమ్మినప్పుడు, పైనున్న పెట్టె చూసి అన్నిటికీ కలిపి గడువు డిసెంబరు అని సందేశం పంపాను. అడుగున ఉన్న ఒక పెట్టెలోని సరుకు వేరే బ్యాచ్‌ది, దాని గడువు అక్టోబరు నెలాఖరు. రెండు రోజుల తరువాత మా ఖాతాదారుల్లో ఒకరైన రిటైర్డ్ మాస్టారు ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టి, "బాబూ, నువ్వు పంపినదాంట్లో డిసెంబరు అని ఉంది, దీని మీద అక్టోబరు అని ఉంది. వాపసు తీసుకోనని కూడా నువ్వే రాశావు. ఇప్పుడు నన్నేం చేయమంటావు?" అని అడిగారు. ఆయన గొంతు పెంచలేదు, కానీ నా దగ్గర సమాధానం లేదు. ఆ పెట్టెలోంచి కొన్న ప్రతి ఒక్కరికీ ఫోను చేసి డబ్బు తిరిగి ఇచ్చాను. కింద రాసిన పద్ధతి ఆ రోజు నుంచి ఏర్పడినది.

ముందుగా: ఏ సరుకును ఈ అమ్మకంలో పెట్టకూడదు

తగ్గింపు గురించి ఆలోచించే ముందు డిస్ట్రిబ్యూటర్‌కు ఫోను చేసి, గడువు దగ్గరపడ్డ సరుకును వెనక్కి తీసుకుంటారా, తీసుకుంటే గడువుకు ఎన్ని రోజుల ముందు తెలపాలి అని అడగాలి. కొన్ని సరుకుల విషయంలో ఈ ఒక్క ఫోనుతోనే పని ముగుస్తుంది. మా ఓట్స్ విషయంలో అలా జరగలేదు. దించుకునేటప్పుడు మిగిలితే చూసుకుందామని సేల్స్‌మన్ నోటిమాటగా అన్నాడు గాని, స్కీములో ఇచ్చిన సరుకుకు వాపసు వర్తించదని ఇప్పుడు చెప్పారు. అందుకే స్కీము సరుకు తీసుకునే రోజునే వాపసు షరతును బిల్లు మీద రాయించుకోవడం ఇప్పుడు మా అలవాటు.

రెండేళ్లలోపు పిల్లలకు పెట్టే పాలపొడి, శిశు ఆహారం ఈ అమ్మకంలోకి రాకూడదు. 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం ప్రకారం వాటి మీద, పాల సీసాల మీద తగ్గింపు ఇచ్చి అమ్మకం పెంచుకోవడం నిషిద్ధం. గడువు ఎంత దగ్గరపడినా ఆ సరుకును వెనక్కి పంపడమో పక్కన పెట్టడమో తప్ప వేరే దారి లేదు. ఉబ్బిన డబ్బాలు, సీలు వదిలిన ప్యాకెట్లు, ఎలుక కొరికినవి, ఫ్రిజ్‌లో ఉండవలసి ఉండి కరెంటు పోయినప్పుడు బయట ఉండిపోయినవి కూడా తేదీతో సంబంధం లేకుండా పక్కకు తీసేయాలి. తగ్గింపు ధర గడువు దగ్గరపడినందుకే గాని, సరుకు పాడైనందుకు కాదు.

ప్యాకెట్ ప్యాకెట్‌కూ తేదీ చూడడం

పెట్టె మీద ఉన్న తేదీని నమ్మకూడదు. డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో విడి సరుకు సర్దేటప్పుడు రెండు బ్యాచ్‌లు ఒకే పెట్టెలోకి చేరడం మామూలే. మన దుకాణంలోనూ సగం అమ్మిన పెట్టెలో కొత్త సరుకు పెట్టడం జరుగుతూ ఉంటుంది. అందువల్ల 92 ప్యాకెట్లనూ నేల మీద పరిచి, ఒకరు తేదీ చదువుతుంటే మరొకరు రాసుకున్నాము. దీనికి ముప్పావుగంట పట్టింది. చివరకు రెండు బ్యాచ్‌లు తేలాయి. 25049 నంబరు బ్యాచ్‌లో 38 ప్యాకెట్లు, అవి 2025 ఫిబ్రవరి 18న ప్యాక్ చేసినవి, గడువు నవంబరు 17. 25068 నంబరు బ్యాచ్‌లో 54 ప్యాకెట్లు, అవి మార్చి 9న ప్యాక్ చేసినవి, గడువు డిసెంబరు 8. మేము ఒకే పెట్టె అనుకున్న ఒకదాంట్లో ఏడు ప్యాకెట్లు ఒక బ్యాచ్‌వి, ఐదు మరో బ్యాచ్‌వి ఉన్నాయి.

తేదీ చదవడంలో మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది, ప్యాకెట్ మీద గడువు తేదీ కాకుండా ప్యాక్ చేసిన నాటి నుంచి 9 నెలలు అని మాత్రమే ఉన్నప్పుడు. ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం తయారీ తేదీతో పాటు గడువు తేదీని కూడా ముద్రించాలి, అయినా నెలల లెక్క రాసిన ప్యాకెట్లు కనిపిస్తూనే ఉంటాయి. అప్పుడు మనమే లెక్కగట్టి, ఒక రోజు ముందుకే జరుపుకోవాలి. ఫిబ్రవరి 18 నుంచి తొమ్మిది నెలలంటే నవంబరు 17 అని రాయాలి గాని 18 అని కాదు. రెండవది, ఎక్కువ కాలం నిలిచే సరుకు మీద నెల, సంవత్సరం మాత్రమే ఉన్నప్పుడు. గడువు నవంబరు అని ఉంటే నెల మొదటి రోజా, చివరి రోజా అన్న వాదన ఖాతాదారుతో పెట్టుకోవడం మనకు అనవసరం. మా దుకాణంలో ఆ నెల ఒకటో తేదీనే గడువుగా లెక్కపెడతాము. మూడవది, విదేశీ చాక్లెట్లు, సాస్‌ల వంటి వాటి మీద ఉండే అంకెల తేదీ. 08/12/25 అని ఉంటే మన దగ్గర అది డిసెంబరు 8, అదే అమెరికా పద్ధతిలో రాసి ఉంటే ఆగస్టు 12, అంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి మనం రాసే ప్రతిచోటా నెలను అంకెలో కాక పేరుతో రాయాలి.

లెక్క తేలాక బ్యాచ్‌లను ఒకదానితో ఒకటి కలవని విధంగా వేర్వేరు పెట్టెల్లో సర్ది, పెట్టెకు నాలుగు వైపులా గడువు తేదీని మార్కర్‌తో పెద్దగా రాయాలి. సందేశంలో ఏ తేదీ చెబుతామో అదే తేదీ ఉన్న ప్యాకెట్ ఖాతాదారు చేతికి వెళ్లాలంటే ఇంతకంటే తేలిక మార్గం లేదు.

విప్పి చూడడం

గడువు లోపల ఉన్నంత మాత్రాన సరుకు బాగున్నట్టు కాదు. ప్యాకెట్ మీది తేదీ చల్లని, పొడి చోటులో నిలవ ఉంచితే వర్తించే తేదీ, మన గోదావరి జిల్లాల మే నెల ఎండకు రేకుల కప్పు కింద ఉన్న సరుకుకు కాదు. ఓట్స్‌లో కొంత నూనె సహజంగానే ఉంటుంది కాబట్టి వేడికి ముక్కిపోయే గుణం వాటికి బియ్యం కంటే ఎక్కువ. అందుకే ప్రతి బ్యాచ్ నుంచి రెండేసి ప్యాకెట్లు, ఒకటి కప్పుకు దగ్గరగా పైన ఉన్న పెట్టె నుంచి, మరొకటి అడుగు పెట్టె నుంచి తీసి విప్పాము.

కత్తెరతో కోసిన వెంటనే ముక్కు దగ్గర పెట్టుకుని మొదటి వాసన చూడాలి, ఎందుకంటే గాలి తగిలాక ఆ వాసన చెదిరిపోతుంది. తరువాత పొడి స్టీలు పళ్లెంలో పోసి చేత్తో పలుచగా నెరపాలి. రేకులు విడివిడిగా జారితే మంచిది. గుత్తులు గుత్తులుగా సన్నని బూజు దారంతో అతుక్కుని వస్తే చిలక పురుగు చేరిందని అర్థం, అటువంటి పెట్టెలోంచి మరొకటి విప్పి చూసుకోకుండా ఒక్క ప్యాకెట్ కూడా అమ్మకూడదు. ప్యాకెట్ అడుగు మూలల్లో మెత్తని పిండి పేరుకున్నా అనుమానించాలి. చివరగా గుప్పెడు ఓట్స్‌ను నూనె లేకుండా మూకుడులో రెండు నిమిషాలు వేయించాలి. బాగున్న సరుకు వేయించిన గింజ వాసన వేస్తుంది. ముక్కిపోయినదైతే పాత నూనె వాసన అప్పుడు పైకి వస్తుంది, నోట్లో వేసుకుంటే చివర చేదు తగులుతుంది. మావి నాలుగూ బాగున్నాయి. విప్పిన నాలుగింటినీ మా ఇంట్లో వాడుకున్నాము, అమ్మకానికి 36, 52 ప్యాకెట్లు మిగిలాయి.

ఆఖరి అమ్మకం తేదీ, ఇంటికి ఎన్ని

ప్రకటనలో చాలామంది వదిలేసే భాగం ఇదే. గడువు నవంబరు 17 కదా అని నవంబరు 16 దాకా అమ్మితే అది చట్టం దృష్టిలో నేరం కాకపోవచ్చు గాని, కిలో ఓట్స్‌ను ఒక్క రోజులో ఎవరూ తినరు. కొన్నవారు గడువులోపు తినగలరా అన్న లెక్క నుంచే అమ్మకం ఎప్పుడు ఆపాలో తేలాలి.

ఒక మనిషికి పూటకు 40 గ్రాముల ఓట్స్ సరిపోతాయి. ఇద్దరు రోజూ తినే ఇంట్లో రోజుకు 80 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ పన్నెండు రోజుల పైన వస్తుంది, రెండు ప్యాకెట్లు ఇరవై ఐదు రోజులు. అక్టోబరు 6 నుంచి మొదటి బ్యాచ్‌కు 42 రోజులు, రెండో బ్యాచ్‌కు 63 రోజులు మిగిలి ఉన్నాయి. అందువల్ల మొదటి బ్యాచ్‌ను అక్టోబరు 20 వరకు ఇంటికి రెండు చొప్పున, ఆ తరువాత ఒకటి చొప్పున ఇచ్చి, అక్టోబరు 31తో ఆపేయాలని నిర్ణయించాము. ఆఖరి రోజున కొన్నవారికి కూడా పదిహేడు రోజులు ఉంటాయి. రెండో బ్యాచ్‌ను అక్టోబరు 31 వరకు ఇంటికి మూడు, తరువాత ఒకటి, నవంబరు 20తో ఆఖరు.

ఇంటికి ఇన్నే అని పరిమితి పెట్టడానికి మరో కారణం ఉంది. ధర తగ్గిందని తెలిస్తే పక్క వీధి చిన్న దుకాణాలవారు పది పదిహేను ప్యాకెట్లు తీసుకుపోయి, గడువు సంగతి చెప్పకుండా మామూలు ధరకు అమ్ముతారు. ఆ ప్యాకెట్ చివరకు ఎవరి ఇంట్లో, ఏ తేదీన తెరుచుకుంటుందో మనకు తెలియదు. టిఫిన్ సెంటర్లకు, హాస్టళ్లకు ఇవ్వాలనుకుంటే వారు ఎన్ని రోజుల్లో వాడేస్తారో అడిగి, ఆ మేరకే ఇవ్వాలి.

ధర ఎంత తగ్గించాలి, ఎలా చెప్పాలి

గడువు ఎక్కువ ఉన్న బ్యాచ్‌కూ తక్కువ ఉన్న బ్యాచ్‌కూ ఒకే ధర పెడితే అందరూ గడువు ఎక్కువ ఉన్నదే తీసుకుంటారు, ముందు పోవలసినది మిగిలిపోతుంది. మేము మొదటి బ్యాచ్‌కు ఎం.ఆర్.పి. మీద 30 శాతం తగ్గించి 139 రూపాయలు, రెండో బ్యాచ్‌కు 20 శాతం తగ్గించి 159 రూపాయలు పెట్టాము. ఇరవై రూపాయల తేడా ఉంటే, తొందరగా వాడేసే ఇంటివారు మొదటి బ్యాచ్‌నే ఎంచుకుంటారు.

ఇందులో నష్టం ఎంత అన్నది దాచుకోకుండా చూసుకోవాలి. మొదటి బ్యాచ్‌లో ప్యాకెట్‌కు 29 రూపాయల చొప్పున 36 ప్యాకెట్లకు 1,044, రెండో బ్యాచ్‌లో 9 రూపాయల చొప్పున 52 ప్యాకెట్లకు 468, విప్పి చూసిన నాలుగింటికి 672, అన్నీ కలిపి 2,184 రూపాయలు. ఏమీ చేయకుండా మొత్తం సరుకు గడువు దాటిపోతే పోయేది 15,456. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే ఎంతవరకు దిగవచ్చో మనసుకు స్పష్టంగా తెలుస్తుంది, ఎవరో బేరమాడినప్పుడు తడబడవలసిన అవసరం రాదు.

శాతం కంటే రూపాయలు చెప్పడం నిజాయితీ అని నా అభిప్రాయం. మన ఖాతాదారులు ఈ ప్యాకెట్‌ను ఎన్నడూ 199కి కొనలేదు, 189కే కొన్నారు. 30 శాతం తగ్గింపు అని మాత్రమే రాస్తే, వారికి నిజంగా మిగిలే యాభై రూపాయలు అరవైలా కనిపిస్తాయి. అందుకే ఎం.ఆర్.పి., మామూలు ధర, ఇప్పటి ధర మూడూ రాయాలి. ప్యాకెట్ మీద కొత్త ధర స్టిక్కరు వేయదలిస్తే, అది ముద్రించిన ఎం.ఆర్.పి.ని కప్పకూడదు, ధర తగ్గించే స్టిక్కరుకు 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ అనుమతి ఇచ్చినది ఆ షరతు మీదే. తేదీ మీద స్టిక్కరు పడడం అంతకంటే పెద్ద తప్పు. అందుకే మేము స్టిక్కరును ప్యాకెట్ వెనక కాకుండా ముందు వైపు పై మూలన వేస్తాము.

వాపసు లేదన్న వాక్యం ఎంతవరకు చెల్లుతుంది

అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని ఒక్క ముక్క రాసేస్తే పని అయిపోయిందని చాలా దుకాణాల్లో అనుకుంటారు. ఆ ముక్క ఒక్కటే ఉంటే చెల్లదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపు, బిల్లులో ఏ గడువూ చెప్పకపోతే ముప్పై రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది. ఇక గడువు దాటిన ఆహారం అమ్మితే 2006 నాటి ఆహార భద్రత చట్టం 27వ సెక్షన్ ప్రకారం బాధ్యత నేరుగా అమ్మినవారిదే. తక్కువ ధరకు ఇచ్చామని, ముందే చెప్పామని అనడానికి అక్కడ వీలు లేదు.

మరి వాపసు లేదన్న మాట దేనికి పనికి వస్తుంది? మనసు మార్చుకున్నవారికి, ఇంట్లో ఇప్పటికే ఉందని తరువాత గుర్తొచ్చినవారికి, గడువు ఇంత దగ్గర ఉందనుకోలేదని అనేవారికి, గడువులోపు వాడలేకపోయినవారికి అది వర్తిస్తుంది. ఈ నాలుగూ కొనే ముందు కొనేవారి చేతిలో ఉన్న విషయాలే, మనం తేదీ స్పష్టంగా చెప్పి ఉంటే. పురుగు, వాసన, చిరిగిన సీలు, చెప్పినదానికి భిన్నమైన తేదీ, ఇవి మన బాధ్యత. కాబట్టి వాక్యాన్ని రెండు భాగాలుగా రాయాలి: దేనికి వాపసు లేదో ఒకటి, దేనికి డబ్బు తిరిగి ఇస్తామో మరొకటి. రెండో భాగం రాస్తే అందరూ వాపసుకు వస్తారని మొదట్లో నాకూ భయం ఉండేది, కానీ అలా జరగలేదు. ఆ వాక్యం చూసి ధైర్యంగా కొన్నవారే ఎక్కువ.

సందేశం

అక్టోబరు 6 సాయంత్రం మేము పంపిన సందేశం ఇది. దీన్ని మీ సరుకుకు తగినట్టు మార్చుకోవచ్చు.

"ఖాతాదారులకు నమస్కారం. మన దుకాణంలో కిలో ఓట్స్ ప్యాకెట్లు గడువు దగ్గరపడినందువల్ల తగ్గింపు ధరకు ఇస్తున్నాము. సరుకు బాగుంది, రెండు బ్యాచ్‌ల నుంచీ ప్యాకెట్లు విప్పి చూశాము.

మొదటి బ్యాచ్, నంబరు 25049: ప్యాక్ చేసినది 2025 ఫిబ్రవరి 18, గడువు 2025 నవంబరు 17. ఎం.ఆర్.పి. 199, మన మామూలు ధర 189, ఇప్పుడు 139 రూపాయలు. ఉన్నవి 36 ప్యాకెట్లు. అక్టోబరు 20 వరకు ఇంటికి రెండు, తరువాత ఒకటి. అక్టోబరు 31తో అమ్మకం ఆఖరు.

రెండో బ్యాచ్, నంబరు 25068: ప్యాక్ చేసినది 2025 మార్చి 9, గడువు 2025 డిసెంబరు 8. ఎం.ఆర్.పి. 199, మన మామూలు ధర 189, ఇప్పుడు 159 రూపాయలు. ఉన్నవి 52 ప్యాకెట్లు. అక్టోబరు 31 వరకు ఇంటికి మూడు, తరువాత ఒకటి. నవంబరు 20తో అమ్మకం ఆఖరు.

ఇద్దరు రోజూ తింటే ఒక ప్యాకెట్ సుమారు పన్నెండు రోజులు వస్తుంది. గడువులోపు వాడగలిగినన్నే తీసుకోగలరు.

ఈ ధరకు కొన్న ప్యాకెట్లను వాపసు తీసుకోము, మార్చి ఇవ్వము. అయితే గడువులోపు విప్పినప్పుడు పురుగు గాని, వాసన గాని ఉన్నా, ప్యాకెట్ మీది తేదీ పైన చెప్పిన తేదీకి భిన్నంగా ఉన్నా, బిల్లుతో తెస్తే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాము. తిరిగి అమ్ముకునేవారికి ఇవ్వబడదు. తాజా బ్యాచ్ ఓట్స్ కూడా 189 రూపాయలకు దొరుకుతాయి."

ఇందులో చివరి వాక్యం చిన్నదే అయినా వదలకూడదు. తగ్గింపు సరుకు మాత్రమే ఉందనుకుంటే ఇష్టం లేనివారు కూడా మొహమాటానికి అదే తీసుకుంటారు. సరుకు బాగుందన్న మాట పక్కన ఎలా తెలుసో కూడా చెప్పాలి, లేకపోతే అది వట్టి పొగడ్తలా ఉంటుంది. త్వరపడండి, పరిమిత నిల్వ వంటి మాటలు ఇక్కడ అక్కరలేదు. ఎన్ని ప్యాకెట్లు ఉన్నాయో అంకె చెప్పాక వాటికి పని లేదు.

పంపడం, దుకాణంలో పెట్టడం, బిల్లు

సందేశాన్ని వాట్సాప్ గ్రూపులో కాకుండా బ్రాడ్‌కాస్ట్ జాబితాగా పంపడం మేలు, అప్పుడు ఒకరి నంబరు మరొకరికి కనిపించదు. అయితే మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికి మాత్రమే అది చేరుతుంది కాబట్టి, ఖాతా పుస్తకం ముందు పెట్టుకుని అందనివారికి విడిగా పంపాలి. చిన్న అక్షరాలు చదవలేని పెద్దలకు ఫోను చేసి తేదీ నోటితో చెప్పాలి. ఈ సరుకును డెలివరీ యాప్‌లలో పెట్టకూడదు. ఆన్‌లైన్‌లో ఆహారం అమ్మేవారు ఇంటికి చేర్చేనాటికి కనీసం 30 శాతం గడువు గాని 45 రోజులు గాని మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రతా సంస్థ 2024 నవంబరులో సూచించింది. మా మొదటి బ్యాచ్‌కు మిగిలినవి 42 రోజులే. అదీగాక, కొనేవారు దుకాణానికి వచ్చి తేదీని తమ కళ్లతో చూసుకోవడమే మాకు కావలసినది.

దుకాణంలో ఈ ప్యాకెట్లను తాజా ఓట్స్ ఉన్న అరలో పెట్టకుండా, బిల్లు బల్ల పక్కన విడిగా, బ్యాచ్‌కు ఒక అట్ట బోర్డుతో పెట్టాము. బిల్లు వేసే అబ్బాయికి ఒకే ఒక నియమం చెప్పాను. ప్యాకెట్‌ను తిప్పి తేదీ మీద వేలు పెట్టి చూపించి, "అమ్మా, దీని గడువు నవంబరు 17 వరకే, వాపసు ఉండదు, ఫరవాలేదా?" అని అడిగి, సరే అన్నాకే బిల్లు వేయాలి. రద్దీగా ఉన్న సాయంత్రం కూడా దీనికి పది సెకన్లు చాలు.

బిల్లులో సరుకు పేరు పక్కన బ్యాచ్ నంబరు, గడువు తేదీ, మామూలు ధర, తగ్గింపు విడివిడిగా కనిపించాలి. ఇది ఖాతాదారు కోసమే కాదు. అమ్మేటప్పుడే బిల్లులో చూపించిన తగ్గింపు జీఎస్టీ లెక్కలో అమ్మకం విలువలోకి రాదు. చూపకపోతే తరువాత లెక్క చెప్పుకోవడం కష్టం. బిల్లు అడుగున సందేశంలోని వాపసు వాక్యాన్ని, రెండు భాగాలనూ, అవే మాటలతో ముద్రించాలి. సందేశంలో ఒకటి, బిల్లులో ఒకటి ఉంటే ఖాతాదారు తనకు అనుకూలమైనది చూపిస్తారు, అది వారి తప్పు కాదు.

ఆఖరి రోజున

అక్టోబరు 31 రాత్రి లెక్క చూసినప్పుడు మొదటి బ్యాచ్‌లో 31 ప్యాకెట్లు అమ్ముడై ఐదు మిగిలాయి. మర్నాడు ఒకావిడ వచ్చి, "మొన్నటి ధరకే ఒకటి ఇవ్వండి అన్నా, నాలుగు రోజుల్లో అయిపోతుంది" అని అడిగారు. ఇవ్వలేదు. ఒకరికి సడలించిన తేదీని మరొకరికి కాదనలేము. ఆ ఐదింటినీ ఊళ్లోని వృద్ధాశ్రమం వంటమనిషితో ముందే మాట్లాడి, గడువు తేదీ కాగితం మీద రాసిచ్చి, వారంలోపు వాడతామన్నాకే ఉచితంగా ఇచ్చాము. రెండో బ్యాచ్ నవంబరు 20కి పూర్తిగా అయిపోయింది. అందులో ఒక ప్యాకెట్ బూజు దారాలతో వెనక్కి వచ్చింది. బిల్లు చూసి 159 రూపాయలూ తిరిగి ఇచ్చి, అదే పెట్టెలో మిగిలిన వాటిలోంచి మరొకటి విప్పి చూశాము. అది బాగానే ఉంది గనుక అమ్మకం కొనసాగించాము. బాగుండకపోతే ఆ పెట్టెలోంచి కొన్న అందరికీ ఫోను చేయవలసి ఉండేది, బిల్లులో బ్యాచ్ నంబరు ఉండడం అప్పుడు అక్కరకు వచ్చేది.

ఎంత చేసినా కొంత సరుకు గడువు దాటిపోవచ్చు. దాన్ని సీలు ఉన్న ప్యాకెట్లుగా చెత్తకుండీలో వేయకూడదు, ఎవరైనా ఏరుకుని అమ్మే ప్రమాదం ఉంది. ప్యాకెట్లు కోసి, లోపలి సరుకును నీళ్లతో తడిపి పారేసి, ఎన్ని పారేశామో బ్యాచ్ నంబరుతో పుస్తకంలో రాసి ఫోటో తీసుకోవాలి. సాధారణ పద్ధతిలో జీఎస్టీ కట్టేవారు పారేసిన సరుకు మీద, ఉచితంగా ఇచ్చిన సరుకు మీద కూడా తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి కాబట్టి, మా ఐదు ప్యాకెట్ల వివరం కూడా ఆ నెల రిటర్ను వేసే ముందు ఆడిటరుకు పంపించాను.